మోకాళ్ల కట్టు

కరిమల కొండ ఎక్కుతుంటే గౌరునాయుడి గుండె దడదడలాడింది. దారి పక్కన వెదురు పొద విరిగిపడి ఉంది. ఏనుగు లద్దె ఇంకా ఆవిరి కక్కుతోంది. జట్టంతా ముందుకెళ్లిపోయింది. వెనక మిగిలింది తనూ, ముసలి పైడయ్య గురుస్వామీ.

కర్రసాములో చోడవరం చుట్టుపక్కల గౌరునాయుడికి ఎదురులేదు. చెయ్యి ముందు, మాట తర్వాత. తొలిసారి మాల వేసుకున్న కన్నెస్వామి. నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, కటికనేల పడక, భార్యకు దూరం. అన్నీ చేశాడు, పళ్లు నూరుతూనే. ఇప్పుడు భయం కప్పిపుచ్చుకోవడానికి మనసులో నలుగుతున్న ప్రశ్న బయటికి తీశాడు.

"ఏటి గురుస్వామీ! మోహినిని చూసి శివుడు మోహపడితే పుట్టినాయన కదా మనం చూడబోయే ఈ స్వామి. ఆయన దగ్గరకెళ్లడానికి మనకి ఈ బ్రహ్మచర్యం ఏటి?"

"హరికీ హరుడికీ పుట్టినోడి చేతిలో తప్ప చావకూడదని మహిషి అనే రాక్షసి వరమడిగింది. ఇద్దరు మగదేవుళ్లకి బిడ్డెలా పుడతాడు, నాకింక చావు లేదనుకుంది. దాన్ని చంపడానికే పుట్టాడు. చంపాడు. అంత బలమూ పెట్టుకుని, ఆ తర్వాత..."

గురుస్వామి మాట ఆగిపోయింది. ఇరవై అడుగుల దూరంలో, దారికడ్డంగా ఒంటరి మగ ఏనుగు నిలబడి ఉంది.

గౌరునాయుడు చటుక్కున వంగి రాయి అందుకున్నాడు. తలమీది ఇరుముడి ఒరిగింది. అందులో స్వామి అభిషేకానికని నేతితో నింపిన కొబ్బరికాయ ఉంది. అది పోతే పద్దెనిమిది మెట్లూ ఎక్కే యోగం లేదు. ప్రాణమే పోతే ఇక మెట్లెక్కడ?

గురుస్వామి అతని భుజం నొక్కి గొంతుక్కూర్చోబెట్టాడు. తన పైపంచె తీసి, అతని నడుం వెనక నుంచి మోకాళ్ల చుట్టూ తిప్పి గట్టిగా ముడేశాడు. పక్కనే తనూ కూలబడ్డాడు.

"విప్పండి స్వామీ, సచ్చిపోతాం!"

"కదలకు."

ఏనుగు చెవులు విప్పింది. ఒక్కో అడుగే దగ్గరికొచ్చింది. దాని ఊపిరి గౌరునాయుడి ముఖానికి వెచ్చగా తగిలింది. తొడలు లేచి పరిగెత్తమంటున్నాయి. చెయ్యి రాయి విసరమంటోంది. కట్టు ఒరుసుకుపోతోంది. అతను జన్మలో ఎన్నడూ అంత భయపడలేదు. స్వామి పేరు కూడా నోటికి రాలేదు.

తొండం అతని ఇరుముడిని తడిమింది. కాసేపు ఆగింది. తర్వాత ఆ ఏనుగు పక్కకు తిరిగి, లోయలోకి దిగిపోయింది.

చాలాసేపటికి గౌరునాయుడి వేళ్లు సడలి రాయి జారింది.

"నా చెయ్యి లేచుంటే, స్వామీ?"

"కొండమీద ఆయన ఎలా కూర్చున్నాడో తెలుసా? ఇద్దరు దేవుళ్ల బలమూ ఒంట్లో పెట్టుకుని, మోకాళ్లకి కట్టు కట్టుకుని."

గురుస్వామి ముడి విప్పబోయాడు. గౌరునాయుడు ఆ ముడిని పట్టుకున్నాడు.

"కాసేపు ఉండనివ్వండి స్వామీ."